బూజు పట్టిన దాణా, రెండు ఉత్తరాలు: ఒక పాడి రైతు కేసు

నేను మండల కేంద్రంలో పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. దాణా బాగాలేదన్న ఫిర్యాదులు ప్రతి వానాకాలంలోనూ నా దగ్గరకు వస్తాయి. చాలావరకు డీలరుతో ఫోన్లో గొడవపడటంతోనే ఆగిపోతాయి. ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. ఒకే రైతు, ఒకే దాణా గురించి, వారం తిరక్కుండా కంపెనీకి రెండు ఉత్తరాలు పంపారు. మొదటిదానికి తిరస్కారం వచ్చింది, రెండోదానికి బస్తాలు వచ్చాయి. రెండింటికీ తేడా ఎక్కడుందో చెప్తే ఇంకో రైతుకు పనికొస్తుందని ఆయనే నన్ను రాయమన్నారు. ఊరు, కంపెనీ, డీలరు, బ్యాచ్ నంబర్ల వివరాలు తీసేశాను.

నేపథ్యం

కోస్తాలో మాగాణి ఊరు. రైతుకు యాభై దాటాయి. ఆరు గ్రేడెడ్ ముర్రా గేదెలు, మూడు జెర్సీ సంకర ఆవులు పాలిస్తున్నాయి. జీతగాళ్లు లేరు, పనంతా ఇంటివాళ్లే చేసుకుంటారు. రెండు పూటలా కలిపి రోజుకు 58 లీటర్ల దాకా పాల కేంద్రానికి పోస్తారు. మేత వరిగడ్డి, చేలగట్టున పెంచిన సూపర్ నేపియర్. దాణా మాత్రం మొదట్నుంచీ ఒకే కంపెనీ గుళికల దాణా, తొమ్మిదింటికీ కలిపి రోజుకు 40 కిలోలు పడుతుంది. మండల కేంద్రంలోని డీలరు అరువు మీద ఇస్తాడు, పాల బిల్లు పడగానే ఈయన కడతారు. ఏళ్ల తరబడి సాగుతున్న ఖాతా అది. ఈ అరువు సంగతి తర్వాత ప్రతి నిర్ణయంలోనూ అడ్డు తగిలింది కాబట్టి ముందే చెప్తున్నాను.

ఆగస్టు 4న 50 కిలోల బస్తాలు 20 దింపించుకున్నారు. ఒకటే ఆటో, ఒకటే బిల్లు. బిల్లు మీద దాణా రకం, బస్తాల లెక్క, ధర ఉన్నాయి, బ్యాచ్ నంబరు లేదు. మన దగ్గర చాలామంది డీలర్లు అది రాయరు.

వచ్చిన సమస్య

ఆగస్టు 14 ఉదయం ఆయన ఫోన్ చేశారు. "డాక్టరు గారూ, నాలుగు రోజుల్నుంచి గేదెలు దాణా వాసన చూసి మూతి తిప్పుకుంటున్నాయండి. పాలు తొమ్మిది లీటర్లు పడిపోయాయి. రెండింటికి పేడ పలచగా పడుతోంది" అన్నారు.

పాలు తగ్గాయనగానే దాణాని అనుమానించడం సులువు. కానీ ఆ కాలంలో పాలు తగ్గడానికి ఇంకో పది కారణాలుంటాయి. అందుకే ముందు పశువుల్ని చూశాను. ఒక్కదానికీ జ్వరం లేదు. నోట్లో, గిట్టల మధ్య పుళ్లు లేవు. పొదుగువాపు బయటికి కనపడకుండా కూడా ఉంటుంది కనుక తొమ్మిదింటి పాలనూ షెడ్డులోనే ద్రావణంతో పరీక్షించాను, జిగట కట్టలేదు. గడ్డి మారలేదు, నీళ్లు మారలేదు, కొత్త పశువును తోలుకురాలేదు. దాణా మానేసిన పశువులు గడ్డి మాత్రం బాగానే తింటున్నాయి. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది అది. లోపల జబ్బు ఉన్న గేదె చాలావరకు రెండూ మానేస్తుంది. ఒక్క దాణానే మానేసిందంటే అనుమానం తొట్టి వైపు తిరగాలి.

తెరిచి ఉన్న బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పైన గుళికలు మామూలుగానే ఉన్నాయి. మధ్యకు వెళ్లేసరికి చేతికి గోరువెచ్చగా తగిలింది. అడుగున గుళికలు ఒకదానికొకటి అంటుకుని పిడికెడు గడ్డలుగా ఉన్నాయి. ఒక గడ్డ విరిస్తే లోపల బూడిద పచ్చ రంగు బూజు, ముక్క వాసన.

అప్పుడు ఆయన్ను అడిగాను, "ముందు వాడిన బస్తాలు కూడా ఇలాగే ఉన్నాయా?" అని. లేవట. మొదటి ఆరు రోజులు ఏ ఇబ్బందీ లేదు, ఆరు రోజుల తర్వాతే మొదలైంది. ఇద్దరం బస్తాల మూతుల దగ్గర కుట్టిన చీటీలు చూడటం మొదలుపెట్టాం. 20 బస్తాల్లో రెండు బ్యాచ్‌లున్నాయి. ఎనిమిది బస్తాలు జులైలో తయారైనవి, పన్నెండు బస్తాలు మే చివర్లో తయారైనవి. పైవరసలో ఉన్న ఐదు జులై బస్తాలు ముందు వాడారు. 10వ తేదీ నుంచి మే బస్తాలు విప్పారు. పశువులు దాణా మానేసింది 11 నుంచి.

వాడేసిన బస్తాల చీటీలు దొరకడం కష్టమైంది. మూతి దారం లాగగానే చీటీ దారంతో పాటే ఊడొస్తుంది, అది పేడదిబ్బలోకి పోతుంది. మే బస్తాల చీటీల్లో రెండు ఆ దారాలకే చిక్కుకుని గోడ మేకుకు వేలాడుతూ దొరికాయి. ఆయన భార్య ఆ దారాలు కట్టెలమోపు కట్టడానికి దాచిపెట్టుకున్నారు. వాటిని అలాగే కవర్లో వేయించాను.

ఆ రోజు లెక్క ఇది: మే బస్తాల్లో మూడు పూర్తిగా వాడేశారు, నాలుగోది సగం ఉంది, ఎనిమిది విప్పలేదు. జులై బస్తాల్లో ఐదు వాడారు, మూడు మిగిలాయి.

మొదట చేసినవి

మే బస్తాలు వెంటనే ఆపించాను. పక్కింటాయన "ఎండలో ఆరబెట్టి, జల్లించి తవుడు కలిపి పెట్టండి, తినేస్తాయి" అన్నాడు. ఊళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే, అందుకే ఎందుకు వద్దన్నానో చెప్పాలి. ఎండకు బూజు పెరగడం ఆగుతుంది. కానీ బూజు అప్పటికే వదిలిన అఫ్లాటాక్సిన్ విషం ఎండకు పూర్తిగా పోదు. గుళికల్లో పడే వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న ఆ బూజుకు ఇష్టమైనవి. పశువు ఆ విషాన్ని తింటే దాని మార్పు రూపం ఒక రోజు లోపే పాలలో కనిపిస్తుంది. తినడం ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కాబట్టి ఆ బస్తాలు ఎంత ఖరీదైనవైనా తొట్టిలోకి పోకూడదు.

రెండో నిర్ణయం దగ్గర ఆయన కొంచెం బాధపడ్డారు. మిగిలిన మూడు జులై బస్తాల్లో రెండే వాడమన్నాను, ఒకటి విప్పకుండా అదే చెక్కల మీద, మే బస్తాల పక్కనే ఉంచమన్నాను. "మంచి దాణా ఇంట్లో పెట్టుకుని బయట కొనాలా డాక్టరు గారూ?" అన్నారు. నా ఆలోచన ఇదీ: ఫిర్యాదు చేయగానే డీలరైనా కంపెనీ అయినా మొదట అనేది "మీ షెడ్డులో తడి తగిలింది" అనే. ఒకే రోజు వచ్చి, ఒకే షెడ్డులో, ఒకే చెక్కల మీద ఉన్న రెండు బ్యాచ్‌లలో ఒకటి బూజు పట్టి, రెండోది బాగుంటే ఆ మాట నిలవదు. ఆ మంచి బస్తా తినిపించేస్తే పోల్చి చూపడానికి ఏమీ మిగలదు.

డీలరుకు ఫోన్ చేశారు. 16న వచ్చాడు. షెడ్డు చుట్టూ చూసి, "వానలు కదా బాబాయ్, నేల చెమ్మ లాగింది. నేనేం చేస్తాను, కంపెనీ వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. అరువు ఖాతా ఉంది కాబట్టి ఈయన గట్టిగా మాట్లాడలేకపోయారు.

విఫలమైన ఉత్తరం

అదే రాత్రి ఆయన కొడుకు కంపెనీ వాట్సాప్ నంబరుకు ఒక ఉత్తరం పంపాడు. నాకు తర్వాత చూపించారు. అందులో ఉన్న కోపం న్యాయమైనదే. సారాంశం ఇది: మీరు అమ్మింది కల్తీ దాణా, యూరియా, ఇసుక కలిపారు. విషం తిని మా గేదెలు చావుబతుకుల్లో ఉన్నాయి. లక్ష రూపాయల పరిహారం వెంటనే ఇవ్వకపోతే టీవీ వాళ్లను పిలుస్తాం. కింద నాలుగు ఫొటోలు, అన్నీ బూజు గడ్డలవే. బ్యాచ్ నంబరు లేదు, బిల్లు నంబరు లేదు, ఎన్ని బస్తాలో లేదు.

19న జవాబు వచ్చింది, రెండు పేరాలు. మా ప్రతి బ్యాచ్‌కూ మిల్లులో పరీక్ష జరుగుతుంది, ప్రొటీన్ 20 శాతం పైనే ఉంది, కల్తీ ఆరోపణ నిరాధారం అంటూ ఒక పరీక్షా పత్రం జత చేశారు. బూజు అనేది నిల్వలో తేమ వల్ల వస్తుందని, అది కొన్నవారి బాధ్యతని ముగించారు.

కంపెనీ చేసింది అన్యాయమే అనుకుందాం. కానీ ఉత్తరం వాళ్లకు అంత తేలికైన దారి ఎలా ఇచ్చిందో చూడాలి. కల్తీ అని రాశారు, దానికి జవాబు వాళ్ల దగ్గర కాగితం రూపంలో సిద్ధంగా ఉంది. నిరూపించలేని మాట ఒకటి రాయగానే, నిరూపించగలిగిన బూజు సంగతి వెనక్కి పోయింది. పశువులు చావుబతుకుల్లో లేవు, అది ఎవరు వచ్చి చూసినా తెలుస్తుంది. లక్ష రూపాయలకు లెక్క లేదు. అన్నిటికీ మించి, ఆ జవాబు రాసే ఉద్యోగి "అవును" అనాలనుకున్నా దేనికి అవును అనాలో ఉత్తరంలో లేదు. ఏ బ్యాచ్, ఎన్ని బస్తాలు, ఎప్పటిలోగా మార్చాలి అన్నవి ఏవీ లేవు.

శాంపిల్ తీయడం

రెండో ఉత్తరం రాసే ముందు శాంపిల్ తీయించాను. అఫ్లాటాక్సిన్ బస్తా అంతా ఒకేలా ఉండదు, అక్కడక్కడా గుంపుగా ఉంటుంది. బూజు గడ్డ ఒకటి తీసి పంపితే ఫలితం భయంకరంగా వస్తుంది, "కావాలని చెడ్డది ఏరి పంపారు" అంటారు. పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఏమీ లేదని రావచ్చు. అందుకని ధాన్యం వ్యాపారులు బస్తాలోకి గుచ్చి గింజ తీసే ఇనుప గొట్టం తెప్పించాం. విప్పని ఎనిమిది మే బస్తాల్లో ఒక్కో బస్తాకు పైన, మధ్యన, అడుగున గుచ్చి తీశాం. మూతి కుట్టు విప్పలేదు. కుట్టు విప్పితే బస్తాలో ఏదో కలిపారన్న మాట పుడుతుంది. గుచ్చిన చోట టేపు అంటించి సంతకాలు పెట్టించాం.

తీసిందంతా శుభ్రమైన గుడ్డ మీద పోసి బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి, చివరకు మూడు పొట్లాలు చేశాం. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కంపెనీకి, ఒకటి రైతు దగ్గర. తేమ పరీక్షకు వెళ్లేది గాలి లేకుండా మూసిన ప్లాస్టిక్ కవర్లో ఉండాలి, లేకపోతే దారిలో తేమ మారిపోతుంది. అఫ్లాటాక్సిన్ పరీక్షకు వెళ్లేది కాగితపు సంచిలో ఉండాలి. చెమ్మగా ఉన్న దాణాను ప్లాస్టిక్‌లో కట్టి పంపితే దారిలోనే బూజు పెరుగుతుంది, అప్పుడు అంకె మీద తగువు వస్తుంది. కాబట్టి ఒక్కో పొట్లంలో రెండు సంచులు. పక్కనున్న జులై బస్తా నుంచి కూడా ఇదే పద్ధతిలో తీశాం.

డీలరును రమ్మని ముందు రోజే మెసేజ్ పెట్టించాను. అతను రాలేదు, కొడుకును పంపాడు. ఆ కుర్రాడు సంతకం కూడా చేశాడు. అతను రాకపోయినా మెసేజ్ ఉంది కాబట్టి పని ఆగేది కాదు.

ల్యాబ్‌కు ఏ పరీక్షలు అడగాలన్నది కూడా ఆలోచించాం. తేమ, అఫ్లాటాక్సిన్ బి1 తప్పనిసరి. కంపెనీ ప్రొటీన్ మాట ఎత్తింది కాబట్టి ప్రొటీన్, రైతు కొడుకు ఇసుక అన్నాడు కాబట్టి ఆమ్లంలో కరగని బూడిద. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే పంపాం.

ఫలితం వచ్చేదాకా ఆగి రాద్దామా అని రైతు అడిగారు. వద్దన్నాను. వస్తు విక్రయ చట్టం, 1930 ప్రకారం సరుకు తీసుకుని, తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా తగినంత కాలం దాటిపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పైగా వానాకాలంలో ప్రతి రోజూ బస్తాల్లో బూజు పెరుగుతూనే ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ "మీ ఇంట్లో పెరిగింది" అన్న మాటకు బలం వస్తుంది.

పనిచేసిన ఉత్తరం

ఎవరికి రాయాలన్నది మొదటి ప్రశ్న. డబ్బు తీసుకున్నది డీలరు, కాబట్టి చట్టం ముందు అమ్మినవాడు అతనే. బస్తాలు మార్చే అధికారం మాత్రం కంపెనీది. డీలరు మీద ఉత్తరం రాస్తే అరువు ఆగిపోతుందని రైతు భయం. అందుకే ఉత్తరం కంపెనీ నాణ్యతా విభాగానికి, ప్రతి డీలరుకు. అందులో డీలరును తప్పుపట్టే మాట ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నాం. ఆయన చెప్తుంటే కొడుకు రాశాడు. నేను చేసింది అంకెలు సరిచూడటం, కొన్ని మాటలు తీసేయించడం. ఆగస్టు 21న స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో కూడా పంపారు.

> కంపెనీ నాణ్యతా విభాగం అధికారి గారికి,
>
> విషయం: బిల్లు నం. ——, తేది 4 ఆగస్టు, బ్యాచ్ నం. —— దాణా బూజు పట్టి ఉన్నందున మార్చి ఇవ్వవలసిందిగా కోరుతూ.
>
> అయ్యా,
>
> నేను చాలా ఏళ్లుగా మీ కంపెనీ గుళికల దాణా వాడుతున్న పాడి రైతును. పైన చెప్పిన బిల్లు ప్రకారం మీ డీలరు గారి దగ్గర 50 కిలోల బస్తాలు 20 తీసుకున్నాను. వాటిలో 8 బస్తాలు జులైలో తయారైన బ్యాచ్, 12 బస్తాలు మే నెలలో తయారైన బ్యాచ్. చీటీల ఫొటోలు జత చేశాను.
>
> జులై బ్యాచ్ దాణా పశువులు మామూలుగా తిన్నాయి. మే బ్యాచ్ బస్తాలు 10వ తేదీన మొదలుపెట్టాను. 11 నుంచి పశువులు దాణా వదిలేయడం మొదలైంది. 9వ తేదీన 58 లీటర్లు ఉన్న పాలు 14వ తేదీకి 49 లీటర్లకు తగ్గాయి. 14 సాయంత్రం ఆ బ్యాచ్ ఆపేశాను. 17న 53, 20న 56 లీటర్లు వచ్చాయి. పాల కేంద్రం చీటీలు జత చేశాను. పశువులకు వేరే జబ్బు లేదని పశువైద్యుడు రాసిచ్చిన కాగితం కూడా ఉంది.
>
> మే బ్యాచ్ బస్తాల మధ్యలో, అడుగున దాణా గడ్డకట్టి, వేడిగా, బూజుతో ఉంది. రెండు బ్యాచ్‌లూ ఒకే రోజు వచ్చాయి. నేల నుంచి జానెడు ఎత్తున చెక్కల మీద, గోడకు మూరెడు దూరంలో, ఒకే చోట పెట్టాను. జులై బ్యాచ్ బస్తా ఒకటి విప్పకుండా ఇప్పటికీ అక్కడే ఉంది, అందులో బూజు లేదు. మీ ప్రతినిధి వచ్చి రెండూ చూడవచ్చు.
>
> 20వ తేదీన సాక్షుల ముందు శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాను. మీ వాటా పొట్లం సీలు వేసి ఉంచాను. ఫలితం రాగానే పంపుతాను.
>
> నా కోరిక: విప్పని 8 బస్తాలు, సగం వాడిన 1 బస్తా, మొత్తం 9 బస్తాలకు బదులు ఇటీవల తయారైన వేరే బ్యాచ్ బస్తాలు 9 ఈ ఉత్తరం అందిన 10 రోజుల్లో ఇవ్వండి. నాకు బస్తాలే కావాలి, ఖాతాలో జమ వద్దు. పాత బస్తాలు తీసుకువెళ్లేటప్పుడు బ్యాచ్ నంబరు, బస్తాల లెక్క రాసి రసీదు ఇవ్వండి. వాడేసిన 3 బస్తాల ఖరీదు, తగ్గిన పాల నష్టం గురించి ఫలితం వచ్చాక విడిగా రాస్తాను.
>
> 16వ తేదీన మా అబ్బాయి పంపిన వాట్సాప్ సందేశంలోని కల్తీ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఉత్తరంలో ఉన్నదే నా ఫిర్యాదు.
>
> ఇట్లు, (సంతకం)
>
> ప్రతి: డీలరు గారికి

ఈ ఉత్తరంలో కొన్ని చోట్ల మేం చాలాసేపు ఆగాం. మొదటిది, బూజు ఎక్కడ పట్టిందో చెప్పకపోవడం. మిల్లులోనా, లారీలోనా, డీలరు గోడౌన్‌లోనా అన్నది రైతుకు తెలియదు. తెలియనిది రాస్తే మళ్లీ కల్తీ మాటలాగే అవుతుంది. తన ఇంట్లో పట్టలేదని మాత్రం ఆయన చూపించగలరు, ఉత్తరం బరువంతా దాని మీదే పెట్టాం.

రెండోది, పాలలో విషం మాట. కొడుకు అది రాయాలన్నాడు. పాలు పరీక్ష చేయించలేదు కాబట్టి ఆ మాట రానివ్వలేదు. పాల లెక్కలు మాత్రం ఇంటి పుస్తకంలోవి కాకుండా పాల కేంద్రం చీటీలవే ఇచ్చాం. ఇంకొకళ్లు కొలిచి ఇచ్చిన కాగితం కాబట్టి దాన్ని కాదనడం కష్టం.

మూడోది, తొమ్మిది బస్తాలే అడగడం. రైతుకు పన్నెండూ అడగాలని ఉంది, న్యాయం కూడా అదే. కానీ కళ్ల ముందున్న సరుకు మార్చడం ఏరియా మేనేజరు స్థాయిలో తేలిపోతుంది. తినేసిన దాణాకు, తగ్గిన పాలకు పరిహారం అంటే ఫైలు పైకి వెళ్తుంది, అంతా కలిపి అడిగితే అంతా కలిసి ఆగుతుంది. తొట్టిలోకి దాణా రేపే కావాలి. అలాగని మిగతాది వదులుకున్నట్టు కాకుండా, విడిగా రాస్తాను అన్న ఒక వాక్యం ఉంచాం.

ఖాతాలో జమ వద్దన్నది ఆయన సొంత ఆలోచన. డీలరు దగ్గర పాత బాకీ ఉంది. జమ ఇస్తే అది బాకీలోకి పోతుంది, ఇంట్లో దాణా ఉండదు. ఇది నాకు తట్టేది కాదు.

రసీదు మాట కూడా ఊరికే పెట్టలేదు. మర్యాదగా ఆటో పంపి బస్తాలన్నీ ఎత్తుకుపోయాక "ఏ బస్తాలు?" అన్న సందర్భాలు నేను చూశాను. సరుకు చేయి దాటితే రుజువు కూడా దాటిపోతుంది.

ఏం జరిగింది

26న కంపెనీ ప్రతినిధి వచ్చాడు. రెండు బ్యాచ్‌ల బస్తాలూ పక్కపక్కన చూశాడు, తన వాటా పొట్లం తీసుకున్నాడు. ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదు కానీ అక్కణ్నుంచి నేరుగా డీలరు గోడౌన్‌కు వెళ్లాడు. వెనక గోడ దగ్గర అదే మే బ్యాచ్ బస్తాలు ఇంకొన్ని ఉన్నాయి. అడుగు వరస నేల మీదే ఉంది, పైన రేకు కారుతోంది. బస్తాలు బయటికి ఆరినట్టు కనపడుతున్నా అడుగున రాళ్లలా గట్టిపడ్డాయి. అంటే లోపం మిల్లుదీ కాదు, రైతుదీ కాదు. మొదటి ఉత్తరంలోలాగా మిల్లులో కల్తీ చేశారనే పట్టుబట్టి ఉంటే కంపెనీ తన మిల్లును కాపాడుకోవడంలోనే ఉండేది, ఎవరూ గోడౌన్ దాకా వెళ్లేవాళ్లు కాదని నా నమ్మకం.

ఆగస్టు 30న ఆగస్టులో తయారైన బస్తాలు తొమ్మిది వచ్చాయి. పాతవి రసీదు ఇచ్చి తీసుకెళ్లారు.

సెప్టెంబరు మొదట్లో ల్యాబ్ ఫలితం వచ్చింది. మే బ్యాచ్‌లో తేమ 13.8 శాతం, జులై బ్యాచ్‌లో 10.4. పశుదాణాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2052, దాని ప్రకారం తేమ 11 శాతం మించకూడదు. అఫ్లాటాక్సిన్ బి1 మే బ్యాచ్‌లో కిలోకు 31 మైక్రోగ్రాములు, పరిమితి 20. ప్రొటీన్ మాత్రం చీటీ మీద రాసినట్టే 20 శాతం పైన ఉంది. ఇసుక కూడా పరిమితిలోనే ఉంది. కల్తీ అన్న మాట నిలిచేది కాదని అప్పుడు కొడుక్కి కూడా అర్థమైంది.

ఫలితం జత చేసి రెండో కోరిక రాశారు. వాడేసిన మూడు బస్తాల ఖరీదు తర్వాతి బిల్లులో తగ్గించారు. పాల నష్టానికి మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. దాణా మానేయడం వల్ల పాలు తగ్గాయన్నది చీటీల్లో స్పష్టంగానే ఉంది, కానీ ఆ నష్టం కంపెనీ మోయాలా, గోడౌన్ యజమాని మోయాలా అన్న దగ్గర ఆగిపోయింది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

చీటీ లేకపోతే ఈ కేసు లేదు. అదే డీలరు దగ్గర మే బ్యాచ్ కొన్న ఇంకో ఇద్దరు రైతులు ఈ సంగతి విని నా దగ్గరకు వచ్చారు. ఒకాయన బస్తాలన్నీ తినిపించేశారు. ఇంకొకాయన దగ్గర బూజు దాణా ఉంది కానీ దాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి బస్తాలు కోళ్లగూటికి కప్పేశారు, చీటీలు లేవు. అది ఏ బ్యాచ్ అన్నది చూపించే దారి లేక ఉత్తరం రాయించలేకపోయాం. ఇప్పుడు మా దగ్గరకు వచ్చే రైతులకు దించుకునేటప్పుడే బిల్లు వెనక బ్యాచ్ నంబర్లు, ఏ బ్యాచ్ బస్తాలు ఎన్నో రాసి, తెచ్చినవాడి చేత సంతకం పెట్టించుకోమని చెప్తున్నాను. ఎక్కువ బస్తాలు తీసుకుంటే ఒక్కో బ్యాచ్ నుంచి ఒక బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి చూడమంటున్నాను. పైన చూస్తే ఏమీ తెలియదు.

పాలు తగ్గిన ప్రతిసారీ ఈ దారి పనికిరాదని కూడా చెప్పాలి. ఇక్కడ రెండు బ్యాచ్‌లు ఒకేసారి రావడం రైతు అదృష్టం. ఒకే బ్యాచ్ ఉన్నప్పుడు షెడ్డులో తడి తగిలిందన్న మాటకు జవాబు చెప్పడం చాలా కష్టం. అప్పుడు డీలరు గోడౌన్‌లోనో, అదే బ్యాచ్ కొన్న ఇంకో రైతు ఇంట్లోనో ఉన్న బస్తాలతో పోల్చాలి, అది వెంటనే జరగాలి. బూజు కనపడనంత మాత్రాన విషం లేదని కాదు, బూజు ఉన్నంత మాత్రాన పరిమితి దాటిందనీ కాదు. అంకె కావాలంటే ల్యాబ్ ఒక్కటే దారి.

కంపెనీ రెండో ఉత్తరానికి కూడా కదలకపోయి ఉంటే ఏం చేసేవాళ్లమో ముందే అనుకున్నాం. మొదట 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. పాడి వ్యాపారం కదా, రైతు వినియోగదారుడు ఎలా అవుతాడని కంపెనీలు అంటుంటాయి. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న సరుకుకు వ్యాపార మినహాయింపు వర్తించదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. జీతగాళ్లు లేకుండా ఇంటివాళ్లే చేసుకునే ఈయన పాడికి ఆ వివరణ సరిపోతుంది. సరుకు లోపం పరీక్ష చేస్తే గానీ తేలని కేసుల్లో కమిషనే శాంపిల్ సీలు వేయించి ల్యాబ్‌కు పంపగలదు. రైతు దగ్గరున్న మూడో పొట్లాన్ని అందుకే దాచమన్నాను. అయితే చెమ్మ ఉన్న దాణా ఎక్కువకాలం ఉన్నట్టే ఉండదు, నెలలు గడిచాక దాని మీద ఆధారపడలేం. కాబట్టి కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉన్నా దాణా విషయంలో అంతకాలం ఆగడం కుదరదు.

పాల నష్టం కోసం కమిషన్‌కు వెళ్దామా అని సెప్టెంబరు చివర్లో ఆయన్ను అడిగాను. రెండు రోజులు ఆలోచించి వద్దన్నారు. డీలరు రేకులు మార్పించాడు, బస్తాల కింద చెక్కలు వేయించాడు, బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయడం మొదలుపెట్టాడు. అరువు ఆపలేదు. ఆయన లెక్కలో అది చాలు. కొడుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. పాల చీటీలన్నీ, ల్యాబ్ కాగితం, కంపెనీ రసీదు ఒక ఫైల్లో పెట్టి తన దగ్గరే ఉంచుకున్నాడు.